బ్లాకులు మిగిలాయి, అడెసివ్ చాల్లేదు: నాలుగంగుళాల ఏఏసీ పార్టిషన్ గోడల మీద ఒక కేస్ స్టడీ

ఇల్లు ఎవరిదో తెలియకుండా ఉండటానికి కొన్ని వివరాలు వదిలేశాను. గోడల కొలతలు, లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఈ కేసులో నేర్చుకోవాల్సింది వాటిలోనే ఉంది.

నేపథ్యం

నెల్లూరు పక్కన ఒక కొత్త లేఅవుట్‌లో ఇల్లు. పిల్లర్లు, బీములు, స్లాబు అన్నీ అయిపోయాయి. బయటి గోడలు ఫ్లైయాష్ ఇటుకతో కట్టేశారు. మొదటి అంతస్తులో లోపలి గోడలు మాత్రం మిగిలాయి. ఈలోగా ఇంటాయన గదుల అమరిక మార్చుకున్నారు. దాంతో కొన్ని గోడలు కింద బీము లేని చోట, నేరుగా స్లాబు మీద నిలబడాల్సి వచ్చింది. డిజైన్ చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరు దానికి ఒప్పుకున్నారు గానీ, ఆ గోడలు ఏఏసీ, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీట్ బ్లాకులతోనే కట్టాలని షరతు పెట్టారు. అందులో న్యాయం ఉంది. నాలుగంగుళాల ఏఏసీ గోడ ప్లాస్టరింగ్ కాకుండా చదరపు మీటరుకు అరవై కిలోల చుట్టూ ఉంటుంది. అదే మందం ఫ్లైయాష్ ఇటుక గోడ దానికి మూడు రెట్లు తూగుతుంది.

బ్లాకు సైజు 600 పొడవు, 200 ఎత్తు, 100 మందం, అన్నీ మిల్లీమీటర్లలో. మొత్తం ఏడు గోడలు, కలిపి 22 మీటర్ల పొడవు, నాలుగు తలుపులు. పొడవైన గోడ కూడా 3.45 మీటర్లే కాబట్టి మధ్యలో కాంక్రీట్ బ్యాండ్ అక్కర్లేదని ఇంజనీరు చెప్పారు, తలుపుల మీద లింటెళ్లు చాలన్నారు. బ్యాండ్ ఉండే గోడకు కింద చెప్పే వరసల లెక్క మారిపోతుంది.

కాంట్రాక్టరు ఇటుక పనిలో అనుభవం ఉన్న మనిషి. ఆయన లెక్క ఇలా సాగింది: 22 మీటర్ల పొడవు, స్లాబు నుంచి స్లాబుకు 3.05 మీటర్ల ఎత్తు, అందులోంచి తలుపులు తీసేస్తే 59.5 చదరపు మీటర్లు, అంటే 640 చదరపు అడుగులు. ఒక బ్లాకు ముఖం 0.12 చదరపు మీటరు, కాబట్టి 496 బ్లాకులు. వేస్టేజీ ఐదు శాతం కలిపి, అంకె సరిచేసి 525 తెప్పించారు. బ్లాకులను అతికించే అడెసివ్ పొడి సంగతి డీలర్ని అడిగితే నలభై కిలోల బస్తాకు నాలుగంగుళాల గోడ 180 చదరపు అడుగులు వస్తుందన్నాడు. 640ని 180తో భాగించి నాలుగు బస్తాలు తెచ్చుకున్నారు.

వచ్చిన సమస్య

నాలుగు బస్తాలూ ఖాళీ అయ్యేసరికి రెండు గోడలు పూర్తయ్యాయి, మూడోది సగంలో ఉంది. ఏడు గోడల పనికి తెచ్చిన సరుకు రెండున్నర గోడలకే సరి. ఇంటాయనకు అనుమానం మొదలైంది. "ఏంది సార్ ఇది, బస్తాలు ఏమైపోతున్నాయి?" అని కాంట్రాక్టర్ని పదిమందిలో అడిగేశారు. కాంట్రాక్టరు డీలర్ని అన్నాడు, డీలరు మేస్త్రిని అన్నాడు. నన్ను పిలిచేసరికి వ్యవహారం ఇలా ఉంది.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లే ముందే వాళ్లు రెండు ఉపాయాలు ప్రయత్నించారు.

మొదటిది కంపెనీ మార్చడం. ఐదో బస్తా వేరే కంపెనీది తెచ్చారు. దానితో మూడో గోడలో మిగిలిన సగం లేచేసరికి బస్తా అడుగున కొంచెమే ఉంది. అంటే ఇదీ పాతదానిలాగే పోయింది. ఈ ప్రయత్నం వృథా అనను. రెండు కంపెనీల సరుకు ఒకే తీరుగా అయిపోతే లోపం పొడిలో లేదన్న సంగతి తేలుతుంది. కాకపోతే ఆ సంగతి అప్పుడు ఎవరూ గమనించలేదు.

రెండోది కలిపి పెంచడం. మిగిలిన పొడిలో సిమెంటు, జల్లించిన ఇసుక కలిపి నాలుగో గోడకు రెండు వరసలు పెట్టారు. ఇది కుదరదు, ఎందుకో చెప్పాలి. ఈ అడెసివ్‌లో ఇసుక చాలా సన్నగా ఉంటుంది, నీటిని పట్టి ఉంచే పాలిమరు కలిసి ఉంటుంది. ఏఏసీ బ్లాకు నీళ్లను బాగా పీలుస్తుంది. మూడు మిల్లీమీటర్ల పొరలోంచి నీళ్లు బ్లాకులోకి పోకుండా ఆపేది ఆ పాలిమరే. మామూలు సిమెంటు, ఇసుక కలిపితే రెండు రకాలుగా దెబ్బ. ఇసుక రేణువుల వల్ల పొర పలచగా రాదు, పాలిమరు పాలు తగ్గిపోవడంతో సిమెంటు గట్టిపడక ముందే నీళ్లు బ్లాకు తాగేస్తుంది. మర్నాడు పై బ్లాకును రెండు చేతులతో పట్టుకుని తిప్పితే ఊడి వచ్చేసింది. అడుగున ఉన్న మాలు గోటితో గీకితే పొడిగా రాలింది. ఆ రెండు వరసలూ తీసేయమన్నాను. స్లాబు మీద నిలబడే నాలుగంగుళాల గోడకు అడుగు వరసలు వదులైతే పైన ఎంత బాగా కట్టినా లాభం లేదు.

ఎక్కడ పోతోందో కనిపెట్టడం

ముందు తూకం లెక్క. నాలుగు బస్తాలు అయిపోయిన మట్టం వరకు గోడల్లో ఉన్న బ్లాకులు లెక్కపెట్టించాను: 192. వాటికి పోయిన పొడి 160 కిలోలు. బ్లాకుకు 830 గ్రాములు పడింది.

అసలు ఎంత పడాలి? ఒక బ్లాకు పెట్టినప్పుడు రెండు చోట్ల అడెసివ్ పూస్తాం. కింద 600కి 100, పక్కన 200కి 100. మందం 3 మిల్లీమీటర్లు అనుకుంటే రెండూ కలిపి 0.24 లీటరు. కలిపిన అడెసివ్ లీటరుకు 1.4 కిలోల పొడి నేను వేసుకుంటాను, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే బ్లాకుకు కిలోలో మూడో వంతు. బస్తాకు 120 బ్లాకులు, దాదాపు 157 చదరపు అడుగులు. డీలరు చెప్పిన 180 అడుగులు పూర్తిగా అబద్ధమేమీ కాదు. జాయింటు రెండున్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంచి, ఒక్క చెంచా కింద పడకుండా పనిచేస్తే వచ్చే అంకె అది. సైటులో మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

మూడో వంతు పడాల్సిన చోట ముప్పావు కిలో దాటింది. ఇంత తేడా కింద పడిపోవడం వల్లే రాదు. పొర మందం పెరిగి ఉండాలి.

దాన్ని చూడటానికి టేపు చాలు. ఒక్క జాయింటును కొలిచి లాభం లేదు, మూడుకూ నాలుగుకూ తేడా కంటికి ఆనదు. పది వరసలు కలిపి కొలవాలి. ఒక బ్లాకు పైఅంచు దగ్గర టేపు పట్టి, దానికి పది వరసల పైనున్న బ్లాకు పైఅంచు దాకా చూడాలి. జాయింటు 3 అయితే 2030 మిల్లీమీటర్లు రావాలి. ఇక్కడ 2065 వచ్చింది. మూడు గోడల్లోనూ అంతే. అంటే జాయింటు 6.5 మిల్లీమీటర్లు, రెండు రెట్లకు పైనే. దాని లెక్కన బ్లాకుకు 730 గ్రాములు పోతుంది. మిగతా వంద గ్రాములు కింద పడ్డది, టబ్బులో గట్టిపడి పారేసింది.

బ్లాకుల ఎత్తులో తేడా వల్ల జాయింటు లావెక్కిందేమో అన్నది తర్వాతి అనుమానం. ఏఏసీ బ్లాకులకు భారత ప్రమాణమైన ఐఎస్ 2185 మూడో భాగం ఎత్తులో ప్లస్ ఆర్ మైనస్ 3 మిల్లీమీటర్ల తేడాను ఒప్పుకుంటుంది. జాయింటే 3 మిల్లీమీటర్లయినప్పుడు ఇది చిన్న తేడా కాదు. అందుకని మిగిలిన కట్టలోంచి అక్కడొకటి ఇక్కడొకటి తీసి స్టీలు స్కేలుతో కొలిచాను. అన్నీ 199కీ 201కీ మధ్యనే ఉన్నాయి. బ్లాకుల తప్పు లేదు.

మూడు గోడల్లోనూ ఒకే కొలత రావడమే నన్ను ఆపింది. చేతివాటం వల్ల లావైతే ఒకచోట ఐదు, ఒకచోట ఎనిమిది ఉండాలి. అన్నిచోట్లా 6.5 అంటే ఎవరో కావాలని అలా పంచినట్టు. మేస్త్రిని అడిగాను.

"మేస్త్రీ, వరసకు ఎంత పెట్టుకున్నావు?"

"పైన స్లాబు కాడికి 14 వరసలు ముక్క లేకుండా సరిపోవాల గదా సార్. మొత్తం కొలిచి 14 భాగాలు చేసి గోడకు గీతలు పెట్టుకున్నా."

గుట్టంతా ఇక్కడుంది. స్లాబు అడుగు వరకు ఎత్తు 2925 మిల్లీమీటర్లు. అడుగున 20 మిల్లీమీటర్ల సిమెంటు మాలు, పైన 15 మిల్లీమీటర్ల ఖాళీ పోతే 2890 మిగులుతుంది. 203 చొప్పున 14 వరసలకు 2842. ఇంకా 48 మిల్లీమీటర్లు మిగులు. దాన్ని మేస్త్రి 14 జాయింట్లకు సమంగా పంచేశాడు. వరసకు మూడున్నర మిల్లీమీటర్లు. ఇటుక పనిలో ఇది మంచి పద్ధతే, మంచి మేస్త్రులందరూ అలాగే చేస్తారు. అక్కడ జాయింటు పది మిల్లీమీటర్లు, అందులో ఉండేది మామూలు మాలు. పదమూడున్నర చేసినా ఖర్చు తెలియదు. ఇక్కడ మూడు మీద మూడున్నర పెరిగింది, పైగా అది బస్తా సరుకు.

లావు పొరను నిలబెట్టడానికి ఇంకో పని చేయాల్సి వచ్చింది. అప్పుడే పెట్టిన ఒక బ్లాకును ఎత్తించి చూశాను. అడెసివ్ మధ్యలో గుట్టలా ఉంది, రెండు అంచుల్లో వేలెడంత మేర బ్లాకుకు తడి కూడా అంటలేదు. మామూలు తాపీతో మాలు పరిచినట్టు పరిచి, పైన బ్లాకు పెట్టి వదిలేశారు. జాయింటు మందంగా ఉంది గానీ నిండుగా లేదు.

ఏం నిర్ణయించాం, ఎందుకు

లేచిన మూడు గోడలను ఏం చేయాలన్నది మొదటి ప్రశ్న. ఇంటాయన కూలగొట్టమన్నారు. నేను వద్దన్నాను. ఇవి బరువు మోసే గోడలు కావు. నిలువు తూకం, మట్టం బాగున్నాయి, చేత్తో నెట్టి చూస్తే ఎక్కడా కదల్లేదు. లావు జాయింట్లలో ఎండేటప్పుడు సన్న పగుళ్లు రావొచ్చు. అందుకని ప్లాస్టరింగ్‌కు ముందు రెండు వారాలు ఆగి, అప్పటికి కనిపించే పగుళ్లు పూడ్చి, ఆ గోడల మీద ఫైబర్ మెష్ వేసి ప్లాస్టర్ చేయమన్నాను. కూలగొడితే ఈ బ్లాకులు విరిగిపోతాయి, అతుక్కున్న అడెసివ్ ఊడదు, వాటిని మళ్లీ వాడుకోలేం.

రెండోది ఆ 48 మిల్లీమీటర్లు. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాల్సిందే. పైన సన్నటి ముక్క పెడదామంటే 45 మిల్లీమీటర్ల ఎత్తున్న ఏఏసీ ముక్క కోస్తుంటేనే విరుగుతుంది. పైన ఖాళీని 63 మిల్లీమీటర్లు చేసి మాలుతో పూడ్చితే అది ఆరాక కుదించుకుని స్లాబు కింద పొడుగునా పగులిస్తుంది. అడుగున పెట్టడమే మేలనిపించింది. 20 మిల్లీమీటర్ల మాలుకు బదులు సన్న చిప్స్‌తో 68 మిల్లీమీటర్ల కాంక్రీట్ పట్టీ, గోడ మందమంతే వెడల్పు. ఫ్లోరింగు మాలు, టైలు కలిసి ఎలాగూ దాదాపు మూడంగుళాలు లేస్తాయి కాబట్టి పట్టీ పూర్తిగా అందులో మునిగిపోతుంది. ఫ్లోరింగు చేసేటప్పుడు కారే నీళ్లు మొదటి బ్లాకుకు ఎక్కకుండా ఆపడం అదనపు లాభం. నాలుగో గోడను ఈ పట్టీ మీద, జాయింటుకు 3 మిల్లీమీటర్లు పెట్టి 14 వరసలు కట్టించాం.

మిగతా మూడు గోడలు బీముల కింద వస్తాయి. అక్కడ ఎత్తు 2675. పైన 15 వదిలితే 2660. పదమూడు వరసలకు 2639, అడుగున 21 మిల్లీమీటర్ల మాలు. ముక్క అక్కర్లేకుండా సరిపోయింది. దీనితో పాటు కాంట్రాక్టరు లెక్కలో ఇంకో తేడా బయటపడింది. ఆయన ఏడు గోడలకూ 3.05 మీటర్ల ఎత్తే వేశారు. నిజానికి అంత ఎత్తు ఏ గోడకూ లేదు, స్లాబు మందం, బీము లోతు తీసేయాలి. బ్లాకులు ఎక్కువ రావడానికి కారణం ఇదే.

అడుగు పట్టీల్లో తేడా వల్ల వరసలు పాత గోడల వరసలతో కలవవు. కాబట్టి గోడలు కలిసేచోట బ్లాకులను ఒకదానిలోకి ఒకటి పొదగడం మానేసి, రెండు వరసలకొకటి చొప్పున జీఐ ఇనుప పట్టీ పెట్టించాం. బీము కింది గోడలకు అడుగు పెంచి, పై వరస బ్లాకులు కోసి వరసలు కలపొచ్చు. కానీ అవి కలవాల్సింది పాత గోడలతో, వాటి వరసలు ముందే తప్పిపోయాయి. అందుకని ఆ శ్రమ పెట్టుకోలేదు.

మూడోది చేతి పని. నాలుగంగుళాల వెడల్పున్న పళ్ల తాపీ తెప్పించాం. దానితో లాగితే అడెసివ్ చారలుగా, అంచు నుంచి అంచు దాకా పడుతుంది. పైన బ్లాకు పెట్టి రబ్బరు సుత్తితో తట్టితే చారలు అణిగి పలచగా పరుచుకుంటాయి. మొదటి రెండు బ్లాకులు ఎత్తించి చూపించాను, అడుగు మొత్తం బూడిదరంగు తడి అంటి ఉంది. మేస్త్రికి ఆ తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. బ్లాకు ముఖాన్ని తడి బ్రష్షుతో తుడిచి దుమ్ము తీయడం, బస్తా మొత్తం ఒకేసారి కలపకుండా పావు బస్తా చొప్పున కలపడం కూడా మొదలుపెట్టారు. నెల్లూరు మే నెల ఎండలో, వడగాలిలో కలిపిన అడెసివ్ బస్తా మీద రాసినంత సేపు నిలవదు. గట్టిపడుతున్నదాంట్లో మళ్లీ నీళ్లు పోసి వాడితే అది పట్టదు.

వరసల లెక్క, ఒక గోడ మీద

మిగిలిన పనికి ఎంత కావాలో చదరపు అడుగుల్లో కాకుండా వరసల్లో లెక్కవేశాం. ఎలాగో చూపడానికి పూర్తయిన 3.45 మీటర్ల గోడనే తీసుకుంటాను. వరసలో ఐదు నిండు బ్లాకులు, 430 మిల్లీమీటర్ల ముక్క ఒకటి పడతాయి. ముక్క ఒక వరసలో కుడి చివర, పై వరసలో ఎడమ చివర పెడితే నిలువు జాయింట్లు ఒకదానికొకటి 170 మిల్లీమీటర్లు జరుగుతాయి. నేను 100 కన్నా తగ్గనివ్వను, కాబట్టి ఇది చాలు. ముక్క కోయగా మిగిలే 170 మిల్లీమీటర్ల తునక లింటెల్ పక్కన పనికొస్తే వస్తుంది, లేకుంటే పారేయడమే. కనుక వరసకు ఆరు బ్లాకులు, 14 వరసలకు 84. వైశాల్యం లెక్కన ఇదే గోడకు 80 వస్తుంది. ఐదు శాతం వేస్టేజీ ఈ గోడకు అతికినట్టు సరిపోయింది. 3.15 మీటర్ల గోడలు రెండున్నాయి, వాటికి అంతకంటే ఎక్కువ పడింది. 2.9 మీటర్ల గోడకు కోత తక్కువ. అందుకే గోడ గోడకూ విడిగా చూడాలి.

తలుపుకు 15 బ్లాకుల చొప్పున తీసేస్తే ఏడు గోడలకూ కలిపి 457 వచ్చాయి. తెచ్చినవి 525. దించేటప్పుడు విరిగినవి, తీసేసిన రెండు వరసల్లో పాడైనవి పోగా నలభైకి పైగా మిగిలాయి.

ఆ రోజుకు కట్టాల్సినవి 227. బ్లాకుకు మూడో వంతు కిలో చొప్పున 76 కిలోలు, పది శాతం కలిపితే 84. రెండు బస్తాలకు నాలుగు కిలోలు ఎక్కువ కాబట్టి మూడు తెప్పించాను. రెండు బస్తాలు అయిపోయి, చివరి గోడ చివరి వరసకు మూడో బస్తాలోంచి కొద్దిగా తీశారు. పది వరసలు కొలిస్తే 2032 వచ్చింది.

ఏడు గోడలూ మొదటి నుంచి 3 మిల్లీమీటర్లతో కట్టి ఉంటే 457 బ్లాకులకు 152 కిలోలు, పది శాతం కలిపి 168. నాలుగు బస్తాలు పోయి ఐదోదాంట్లో కొంచెం పట్టేది. అంటే కాంట్రాక్టరు తెచ్చిన నాలుగు బస్తాలు మరీ తప్పు లెక్క కాదు. ఎత్తు ఎక్కువ వేయడం, బస్తాకు వచ్చే అడుగులు ఎక్కువ నమ్మడం, ఈ రెండు తప్పులూ ఎదురెదురుగా పడి దాదాపు రద్దయ్యాయి. బీములు లేని ఇంట్లో అలా కలిసి రాదు.

ఇప్పుడు సైట్లలో చేయిస్తున్నది

బ్లాకులు ఆర్డరు చేసేముందు ప్రతి గోడకూ నిజమైన ఎత్తు టేపుతో కొలిచి, అడుగు మాలు, పై ఖాళీ తీసేసి, 203తో భాగించి చూస్తాం. మిగులు ఎంతో అప్పుడే తెలుస్తుంది. డెబ్బై లోపు మిగిలితే అడుగు పట్టీలోకి పోతుంది. నూట ఇరవై దాటితే పైన కోసిన వరస పెడతాం. ఆ రెంటికీ మధ్య మిగిలితే ఒక నిండు వరస తగ్గించి, దాని ఎత్తునూ మిగులునూ కలిపి రెండు కోత వరసలుగా పంచుతాం, అందుకు పోయే అదనపు బ్లాకులు ముందే ఆర్డరులో కలుపుతాం. ఏదైనా సరే, జాయింటును ముట్టుకోం.

అడెసివ్‌కు బ్లాకుల సంఖ్యే ఆధారం. నాలుగంగుళాలకు బ్లాకుకు మూడో వంతు కిలో, ఆరంగుళాలకు అర కిలో, ఎనిమిదంగుళాలకు మూడింట రెండు వంతులు, వీటికి పది శాతం అదనం. ఇవి 600కి 200 ముఖమున్న బ్లాకుకే. కొన్ని ఫ్యాక్టరీల్లో 625కి 240 సైజు వస్తుంది, దానికి మళ్లీ వేసుకోవాలి.

బస్తాలు మొత్తం ఒకేసారి దించను. మన తీరం గాలికి, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు వానల్లో, గోడకు ఆనించి పెట్టిన బస్తా అడుగు గడ్డ కడుతుంది. మొదట రెండు బస్తాలు తెప్పించి, ఒకటి ఖాళీ అయిన వెంటనే గోడలో బ్లాకులు లెక్కపెట్టమంటాను. నాలుగంగుళాల గోడలో 105కీ 120కీ మధ్య ఉంటే మిగతా బస్తాలకు ఆర్డరు పెట్టొచ్చు. 90 కన్నా తక్కువుంటే పని ఆపి, టేపు పట్టి పది వరసలు కొలవాలి.